తమ్ముని చెయ్యి వాపు గురించి అమ్మకు

అమ్మా,

ఎట్లున్నవ్, నాయిన షుగర్ గోళీలు టైముకు ఏసుకుంటున్నడా. ఫోన్ల మాట్లాడుదామంటే నడుమ ఎవరో ఒకరు వస్తరు, సగం మాట సగంల్నే ఆగిపోతది, అందుకే రాత్రి డ్యూటీ దిగి వచ్చి కూసొని రాస్తున్న, చెల్లెతోని నిమ్మలంగ చదివించుకో.

తమ్ముని చెయ్యి సంగతే రాయాలె. ఆదివారం రాత్రి నువ్వు ఫోన్ల ఏడుస్తుంటె నాకు ఇక్కడ నిద్ర పట్టలే. శనివారం పొద్దుగాల 11 గంటలకు బత్తాయి తోటల డ్రిప్ పైపు సరిజేస్తుంటె కుడిచెయ్యి మీద కందిరీగ కుట్టింది, అప్పుడు రూపాయి బిళ్ళంత వాపు. పొద్దూకే వరకు వేళ్ళ కణుపులు కనిపించకుంట పోయినయ్. ఆదివారం పొద్దుగాల మణికట్టు దాటింది, మధ్యాహ్నం వీడియోల చూస్తె మోచేతికి సగం దూరం ఉన్నది, ముట్టుకుంటె సెగ వస్తుందన్నవ్. ఊర్లె ఆర్ఎంపీ చూసి ఇన్ఫెక్షన్ పైకి పాకుతుంది, ఐదు రోజులు ఇంజక్షన్లు పడాలె అన్నడు. నేను సోమవారం పొద్దూకే దాక ఆగున్రి అన్న. నీకు నా మీద కోపం వచ్చిందని తెలుసు. ఎందుకు ఆగమన్ననో అప్పుడు సరిగ చెప్పలేకపోయిన, ఇప్పుడు చెప్త.

పురుగు కుట్టినంక ఒక దినంల వాపు పెరిగితె అందరికి ఇన్ఫెక్షన్ అనే భయమైతది. కానీ మొదటి రెండు రోజులు పెరుగుడు ఆ విషం తీరే అమ్మా. కందిరీగ విషం లోపల పడంగనే ఒక వాపు వస్తది, అది అందరికి వచ్చేదే. కొందరి ఒంటికి ఆ విషం పడదు, వాళ్ళకు కొన్ని గంటలైనంక రెండో వాపు మొదలైతది, రక్తం నుంచి నీళ్ళు, కణాలు అక్కడ చేరుకుంటయ్, 24 గంటలకు పెద్దగైతది, 48 గంటలకు పూర్తి ఎక్కుతది, జానెడు దాక గూడ ఉబ్బుతది, తర్వాత వారం పది రోజులల్ల దానంతట అదే దిగుతది. దీన్ని పెద్ద లోకల్ రియాక్షన్ అంటరు, అలర్జీ లెక్క. చెయ్యి మీద, కంటి చుట్టు తోలు వదులుగ ఉంటది కాబట్టి అక్కడ కుడితె ఇంకా భయంకరంగ కనిపిస్తది.

ఇన్ఫెక్షన్ లెక్క వేరే. అక్కడ క్రిములు తోలు పగిలిన జాగల నుంచి లోపలికి పోవాలె, పోయి పెరగాలె, దానికి టైం పడతది. అందుకే శనివారం కుట్టిన దానికి ఆదివారమే ఇన్ఫెక్షన్ మోచేతి దిక్కు పాకుడు అరుదు. మా వార్డుల పోయిన నెల ఒకాయన వచ్చిండు, అరవై ఏండ్లుంటయ్, తోట పని చేసుకుంటుంటె చీలమండ కాడ ఏదో పురుగు కరిచింది. రెండు రోజులు ఒకటే దురద, నిద్రల గోకి గోకి తోలు లేపుకున్నడు. మూడో రోజు దురద తగ్గింది, ఆయన నయమైతుందనుకున్నడు, కానీ దాని జాగల నొప్పి మొదలైంది. నాలుగో రోజుకు పిక్క సగం దాక బిగుసుకొని, దుప్పటి తగిలినా ఓర్వలేక, చలి పెట్టి వణుక్కుంట వచ్చిండు, గజ్జల్ల బిళ్ళ కట్టింది. ఆయనకు నరంల నుంచి యాంటీబయాటిక్ ఎక్కించినం.

తమ్మునికి నేను అడిగినవి గుర్తున్నయా. దురద ఎక్కువనా నొప్పి ఎక్కువనా అంటె గోకబుద్ధైతుందన్నడు. జ్వరం లేదు, చంకల బిళ్ళ లేదు, కుట్టిన కాడ చీము లేదు, అన్నం మంచిగనే తిన్నడు. ఎర్రగ సెగ ఉండుడు రెండింట్ల ఉంటది, దాన్ని పట్టుకొని చెప్పరాదు. ఇంకోటి, ఇక్కడి పుస్తకాలల్ల బొమ్మలన్నీ తెల్లతోలు మీదియే, మన నల్లటి తోలు మీద ఎరుపు తేలదు, నల్లగనో వంకాయ రంగుతీరుగనో అయితది, అందుకే చూసుడు కంటె మన చెయ్యి వెనుక భాగం ఆనించి ఎంత దూరం వేడి ఉన్నదో, ఎంత బిగుసుకున్నదో చూడాలె.

అందుకే చెల్లెతోని బాల్‌పెన్నుతోని వాపు అంచు చుట్టు గీత గీయించి టైం రాయమన్న. ఆదివారం మధ్యాహ్నం గీసిన గీతను రాత్రికి రెండు వేళ్ళ మందం దాటింది, అప్పుడే నువ్వు ఏడ్చినవ్, కానీ అది ఇంకా 48 గంటల లోపలిదే. సోమవారం మధ్యాహ్నంకు గీత కాడ ఆగింది, మంగళవారం లోపలికి జరిగింది, తోలు ముడతలు పడ్డది. అదే సోమవారం దాటినంక గూడ గీత దాటి పోయినా, దురద పోయి నొప్పి ఎక్కినా, జ్వరం వచ్చినా, చేతి మీద నుంచి ఎర్రగీత పైకి లేచినా నేనే ఆ రోజే నల్గొండ దవాఖానకు పొమ్మనేదాన్ని. ఆర్ఎంపీ ఇంజక్షన్ ఆదివారం ఇచ్చుంటె మంగళవారం దిగిన వాపును ఆ సూదే తగ్గించిందని ఊరంత అనుకునేది.

చేసింది గింతే గదా, ఉంగరం వాపు ఎక్కకముందే తీసిన్రు, బట్టల చుట్టిన ఐస్ పది నిమిషాలు పెట్టి తీసిన్రు, చెయ్యి మెత్త మీద ఎత్తుగ పెట్టిన్రు, రాత్రి సెట్రిజిన్ 10 ఎంజీ ఒకటి. ఆ గోళీ ఏసుకుంటె నిద్ర మబ్బు వస్తది, బండి నడపొద్దని మళ్ళ చెప్పు. సున్నం పూసుడు, ఇనుము రుద్దుడు వద్దు, తోలు లేస్తె అదే క్రిములకు దారి. గోర్లు చిన్నగ కత్తిరించుకోమను.

నాయిన విషయంల మాత్రం ఇట్ల ఆగొద్దు. షుగర్ ఉన్నోళ్ళ పాదాలకు స్పర్శ తగ్గుతది, నొప్పి లేదని నమ్మరాదు, ఇన్ఫెక్షన్ గూడ జల్ది ముదురుతది. కాలికి ఏదన్న కుట్టి వాపు పెరిగితె ఆ రోజే డాక్టర్‌కు చూపించున్రి, వాపు దిగేటందుకు స్టెరాయిడ్ సూది ఇస్తమంటె షుగర్ ఉన్నదని ముందే చెప్పున్రి, అది షుగర్‌ను పెంచుతది.

ఇంకో రెండు మాటలు. కుట్టిన కొద్ది నిమిషాలల్లనో గంటలనో ఒళ్ళంత దద్దుర్లు, పెదవులు నాలుక ఉబ్బుడు, దమ్ము ఆడకపోవుడు, వాంతులు, కళ్ళు తిరుగుడు అయితె గీతలు గీసుకుంట కూసోవద్దు, 108కి ఫోన్ చెయ్యున్రి. చీకట్ల గట్టు మీద నడుస్తుంటె ఏం కుట్టిందో కనపడకుంట కాలు గంటగంటకు ఉబ్బుతుంటె గూడ పురుగే అనుకోవద్దు, రక్తపింజర కావచ్చు, వాపు పైకి ఎక్కుకుంట చిగుర్ల నుంచి రక్తం వస్తది, కాలు కదలకుంట పెట్టి నేరుగ సర్కారు దవాఖానకే తోల్కపోవాలె, విషానికి విరుగుడు మందు అక్కడ ఉంటది.

ఆ బత్తాయి చెట్టుకున్న కందిరీగల గూడును పగటిపూట పొగ పెట్టి కదిలియ్యనీయకు, చేసేటోళ్ళను పిలిపించి తీపియ్యమని నాయినకు చెప్పు. తమ్ముని చెయ్యి ఫోటో రేపు పొద్దుగాల ఒక్కటి పంపమను, గీతలు కనబడేటట్టు.

నీ బిడ్డ