ఇద్దరు లింగయ్యలు, ఒకే పాసుపుస్తకం

సంపాదకుల వారికి నమస్కారం.

పెద్ద కొడుక్కి నాయన తరఫు తాత పేరు పెట్టడం మా నల్లగొండ పల్లెల్లో ఇప్పటికీ ఉంది. దానివల్ల మా ఇంట్లో వచ్చిన చిక్కు ఒకటి చెబుతాను. పేర్లు మాత్రం మార్చాను.

మా తాత లింగయ్య, ఆయన తండ్రి సైదులు. తాత తన పెద్ద కొడుక్కి సైదులని పెట్టిండు. ఆ సైదులు, అంటే మా పెద్దనాయన, తన పెద్ద కొడుక్కి మళ్లీ లింగయ్య అని పెట్టిండు. అప్పటికి తాత బతికే ఉన్నాడు. మామ పేరు నోట రాకూడదని మా పెద్దమ్మ కన్నకొడుకును ఏనాడూ పేరుతో పిలవలేదు, 'తాతా' అనే పిలిచేది. ఇంట్లో అట్లా సరిపోయింది. కాగితం మీద మాత్రం తాతా మనవడూ ఒక్కరే: లింగయ్య, తండ్రి సైదులు. ఇంటిపేరు, ఊరు కూడా అవే.

తాత 1998లో చనిపోయిండు. 4 ఎకరాల 20 గుంటల భూమిని ముగ్గురు కొడుకులూ తలా ఎకరం 20 గుంటలు నోటిమాటగా పంచుకుని దున్నుకున్నారు, భూమిని వారసుల పేర్ల మీదికి మార్చే విరాసత్ ఎవరూ చేయించలేదు. 2017లో భూరికార్డుల ప్రక్షాళన వచ్చింది. పట్టాదారు లింగయ్య ఆధార్ అడిగితే ఊళ్లో ఉన్న లింగయ్యది ఇచ్చారు. పేరు కలిసింది, తండ్రి పేరు కలిసింది. మొత్తం భూమి మా అన్న ఖాతాలో పడింది. రైతుబంధు డబ్బులొచ్చినప్పుడు గానీ మాకు తెలియలేదు.

తాత మరణ ధ్రువపత్రం పట్టుకుని ఆఫీసుకు పోతే, అక్కడి ఉద్యోగి కంప్యూటర్ చూసి, "ఈయన బతికే ఉన్నాడు గదనే, పాసుపుస్తకం కూడా ఉంది" అన్నాడు. పక్కనే నిలబడ్డ మా అన్నకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించాం. అందులో లింగయ్య పట్టాదారు. మా అన్న పుట్టింది 1975లో. అయినా ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

పట్వారీల కాలంలో 'పెద్ద లింగయ్య', 'చిన్న లింగయ్య' అని రాసుకునేవారు. ఆధార్‌లో ఆ 'పెద్ద' ఉండదు కాబట్టి ఇప్పుడు అది రాసినా పేరు కలవలేదంటారు. తండ్రి పేరుతో పాటు తాత పేరు కూడా రాస్తే సరిపోతుందని ఒకాయన సలహా ఇచ్చిండు. మా తాతకు తాత పేరు కూడా లింగయ్యే! తిరిగి తిరిగి అక్కడికే వస్తాం.

ఈ గొలుసులో మళ్లీ మళ్లీ రానిది తల్లి పేరే. కోడళ్లు వేరే ఇళ్ల నుంచి వస్తారు గదా. పాసుపుస్తకంలో తండ్రి పేరు పక్కన తల్లి పేరు, పట్టాదారు పుట్టిన సంవత్సరం రాయాలని రెవెన్యూ శాఖను కోరుతున్నాను. ఆనవాయితీ మానమని నేను అనను. మా నాయన కూడా నాకు తాత పేరే పెట్టిండు.

ఇట్లు,
నడిపి లింగయ్య,
నల్లగొండ జిల్లా