శుక్ర జపానికి లెక్క అడగండి

సంపాదకుడు గారికి,

ప్రేమ చెడినా, పెళ్లి కుదరకపోయినా శుక్రదోషమేనని చెప్పి వేలకు వేలు గుంజే ప్రకటనలు పత్రికల క్లాసిఫైడ్స్ పేజీల్లో రోజూ కనిపిస్తున్నాయి. శుక్రారాధన మన సంప్రదాయంలో ఉన్నదే. శుక్రవారం తలస్నానం చేసి దీపం పెట్టి, ‘హిమకుంద మృణాళాభం’ శ్లోకం చదువుకుని, ఒంటిపూట భోజనంతో ఉండటం, నవగ్రహాల్లో తూర్పున ఉండే శుక్రుడికి తెల్లపూలు పెట్టి, తెల్లగుడ్డలో కేజింబావు బొబ్బర్లు కట్టి దానమివ్వడం. ఇంతే. రెండు మూడు వందల్లో అయిపోతుంది. షుగర్ మాత్రలు వాడేవారు మాత్రం డాక్టరును అడక్కుండా ఉపవాసం ఉండకూడదు. తిండి మానేసి మాత్ర వేసుకుంటే కొన్ని మాత్రలతో షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.

డబ్బంతా పోయేది జపం, రాయి దగ్గరే. జపసంఖ్య 16 వేలని కొందరు, 20 వేలని కొందరు చెబుతారు. తక్కువ సంఖ్యే తీసుకుందాం. ‘ఓం ద్రాం ద్రీం ద్రౌం సః శుక్రాయ నమః’ అని స్పష్టంగా పలకడానికి నాలుగు సెకన్లు పడుతుంది. 16 వేలసార్లంటే 64 వేల సెకన్లు, అంటే దాదాపు 18 గంటలు. నలుగురు కూర్చున్నా ఒక్కొక్కరికి నాలుగున్నర గంటలు. ఒక్కరే పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి హోమంతో సహా ముగించారంటే ఆ జపం జరగలేదనే అర్థం. అందుకే డబ్బు కట్టేముందు ఎందరు కూర్చుంటారు, ఎన్ని రోజులు చేస్తారు అని అడగాలి.

ఇక రాయి. వజ్రం కొనలేనివారికి ‘జర్కన్’ అంటగడతారు. గనిలో దొరికే జిర్కాన్ వేరు, ఫ్యాక్టరీలో తయారయ్యే క్యూబిక్ జిర్కోనియా వేరు. పేర్లు దగ్గరగా ఉండటమే మోసానికి దారి. పదింతలు పెద్దగా చూపే లూప్‌తో రాయిని అటూ ఇటూ తిప్పుతూ లోపలికి చూస్తే, అసలు జిర్కాన్‌లో వెనుకవైపు పలకల అంచులు జంటగీతల్లా కనిపిస్తాయి. క్యూబిక్ జిర్కోనియాలో ఏ వైపు నుంచి చూసినా ఒక్క గీతే. ఉంగరం మీద హాల్‌మార్క్ ఉంది కదా అని ధీమా పడకూడదు, అది బంగారం స్వచ్ఛతకే తప్ప రాయికి వర్తించదు. బరువు కూడా రత్తుల్లో కాదు, క్యారెట్లలో రాయించుకోవాలి. క్యారెట్ అంటే ఎక్కడైనా 0.2 గ్రాములే, రత్తి మాత్రం కొట్టుకొక తీరు. రాయి పేరు రాసిన ల్యాబ్ సర్టిఫికెట్ లేకుండా కొనకపోవడమే మేలు. జాతకం చూసినవారే రాయి కూడా అమ్ముతుంటే మరింత జాగ్రత్తపడాలి.

మీకు మా విన్నపం ఒకటే. ‘24 గంటల్లో ప్రేమ ఫలిస్తుంది’ అని గ్యారంటీ ఇచ్చే ప్రకటనలు తీసుకోవద్దు. మిగతావాటిలోనూ ప్రకటనదారు చిరునామా, రుసుము ఉంటేనే అచ్చువేయండి. ఆ పేజీ అడుగున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఇవ్వండి.

– జ్యోతిషం చదువుకున్న కొందరు పాఠకులు, రాజమహేంద్రవరం