ఆ పద్నాలుగో క్లాజు గురించి

బరంపురం,
ఆదివారం రాత్రి

ఒరే సూరీ,

నువ్వు పంపిన అపాయింట్‌మెంట్ ఆర్డరు మొత్తం చదివాన్రా, నీ బెంగంతా ఆ పద్నాలుగో క్లాజు మీదే కదా, మానేశాక ఏడాదిపాటు రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల్లో ఇంకే విత్తనాల కంపెనీలోనూ చేరకూడదని. గుణుపురంలో ఇల్లు కట్టుకున్నావు, పిల్లలు అక్కడే చదువుతున్నారు, ఇన్నేళ్లూ పత్తి విత్తనాల పనే చేశావు, ఇప్పుడు ఏడాది ఖాళీగా కూర్చోమంటే ఎలా కుదురుతుంది? అది చదువుతుంటే నాకు నిజంగా కోపం వచ్చింది.

ముందు ధైర్యంగా ఉండు. మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది, అందులో 27వ సెక్షను ఏం చెప్తుందంటే, మనిషిని చట్టబద్ధమైన వృత్తిగానీ వ్యాపారంగానీ చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో సహా అమ్మేసినవాడికి మాత్రం మినహాయింపు ఉంది, నువ్వేమీ అమ్మలేదు, జీతానికి చేశావు. సంతకం పెట్టాను కదా అంటావేమో, చెల్లని మాట కింద సంతకం పెట్టినంత మాత్రాన అది చెల్లుబాటు కాదు.

ఏడాదే కదా, మూడు జిల్లాలే కదా అని మీ హెచ్చార్ వాళ్లు అన్నారన్నావు. ఇంగ్లండులో అయితే ఆ వాదనకి విలువుంది, అక్కడ కోర్టు ఆ షరతు సబబుగా ఉందా లేదా అని చూస్తుంది. మన 27వ సెక్షన్లో ఆ మాటే లేదు. 1874లోనే కలకత్తా హైకోర్టు, ఒకే పేటలో వ్యాపారం చేసుకునేవాళ్ల కేసులో, కొంతవరకే ఆపినా అది ఆపడమే అని తేల్చేసింది. 2006లో సుప్రీంకోర్టుకి జహీర్ ఖాన్ కేసు వచ్చింది, ఒప్పందం గడువు అయిపోయాక కూడా వేరేవాళ్ల ఆఫర్ ముందు మాకు చూపించాలి అని పాత ఏజెన్సీ పట్టుబట్టింది, గడువు తీరాక ఆ షరతు 27 కింద నిలవదని కోర్టు చెప్పింది.

కానీ సూరీ, ఇక్కడ జాగ్రత్తగా విను, ఇదంతా నువ్వు బయటికి వచ్చాకే. ఉద్యోగంలో ఉండగా అదే షరతు చెల్లుతుంది. 1967లో గోలికరీ అనే ఆయన కేసుంది, టైర్ కార్డ్ నూలు తయారీలో షిఫ్ట్ సూపర్‌వైజరు, అయిదేళ్ల ఒప్పందం మధ్యలోనే వదిలేసి పోటీ కంపెనీలో చేరాడు, మిగిలిన కాలం అక్కడ పనిచెయ్యకూడదన్న ఇంజంక్షన్‌ని సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది. నీది గడువు పెట్టిన ఒప్పందం కాదు గానీ, నోటీసు పీరియడ్ రెండు నెలలుంది కదా, ఆ రెండు నెలలూ నువ్వు వాళ్ల మనిషివే. కొత్తవాళ్లు సీజన్ ముంచుకొస్తోంది, ఒక్కసారి డీలర్ల మీటింగుకి వచ్చిపో అంటే అస్సలు వెళ్లకు, అక్కడొక్క ఫొటో వాట్సాప్‌లో తిరిగితే చాలు.

రెండోది సమాచారం. నాకు అసలు భయం ఇక్కడే. గుణుపురంలో, బిసంకటక్‌లో విత్తనాల షాపులు ఎవరివో ఊరంతా తెలుసు, నీకున్న పరిచయాలు, నీ అనుభవం నీవే, వాటిని ఎవరూ లాక్కోలేరు. కానీ ఏ డీలరుకి ఎంత డిస్కౌంటు ఇస్తున్నారు, ఎవరికి ఎంత అప్పు లిమిట్, వచ్చే ఖరీఫ్‌కి తెచ్చే హైబ్రిడ్ ట్రయల్ దిగుబడులు, ఇవి కంపెనీవి. ఆ ఎక్సెల్ షీటు నీ జీమెయిల్‌కి పంపుకుంటే వాళ్ల సర్వర్లో తేదీతో సహా ఉండిపోతుంది, అప్పుడు వాళ్లు ఆ పద్నాలుగో క్లాజు పక్కనపెట్టి రహస్యాలు ఎత్తుకుపోయాడని కేసు వేస్తారు, దానికి 27 అడ్డుపడదు. ల్యాప్‌టాప్, సిమ్ము ఇచ్చేసి, ఇచ్చినట్టు మెయిల్లో రాయించుకో.

ట్రైనింగ్ బాండు సంగతి వేరు, ఫలానా కాలం పనిచెయ్యకపోతే ఇంత కట్టాలి అనేది. 2025లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు పెట్టిన రెండు లక్షల బాండుని చెల్లుతుందనే చెప్పింది. నీ బాండు రెండేళ్లకే, నువ్వు చేరి నాలుగేళ్లయింది, కాబట్టి దాని గొడవ లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. రాజీనామాలో కొత్త కంపెనీ పేరు రాయకు, నోటీసు పూర్తిగా చెయ్యి. ఆఖరి రోజున సెటిల్‌మెంట్ కాగితాల్లో కలిపి కొత్త అండర్‌టేకింగ్ ఒకటి పెడతారు, పాత క్లాజునే మళ్లీ ఒప్పుకున్నట్టు. అది చెల్లకపోయినా నిన్ను బెదిరించడానికి ఇంకో కాగితం అవుతుంది, సంతకం పెట్టకుండా ముందు నాకు ఫొటో పంపు. రిలీవింగ్ లెటర్ ఆపితే ఫోన్లో గొడవపడకు, మెయిల్లోనే అడుగు.

కేసులన్నీ హైదరాబాద్ కోర్టుల్లోనే అని నీ ఆర్డర్లో రాసుంది, అందుకని రిలీవ్ అవ్వగానే అక్కడ కేవియట్ వేయిద్దాం, అంటే మా మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దని కోర్టుకి ముందే పెట్టుకునే అర్జీ, అది 90 రోజులు ఉంటుంది, ఆ లోపు నీకు చెప్పకుండా, నీ మాట వినకుండా స్టే తెచ్చుకోలేరు. అక్కడ నాకు తెలిసిన వకీలు ఉన్నాడు, మాట్లాడి పెడతాను. వకాలత్ కాగితం పంపిస్తా, సంతకం పెట్టి ఆధార్ జిరాక్సు జతచేసి తిప్పి పంపు. చెల్లెమ్మకి కూడా ఇది చదివి వినిపించు, పాపం ఆమె చాలా కంగారు పడుతోందట.

నీ
రమణ