స్టేషన్‌లో దొరికిన మన బాబు గురించి, ఊరు మారి వచ్చిన పిల్లల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల ఆఖరి వారంలో మన ఏడో తరగతి బాబు ఒకడు మధ్యాహ్నం బడి నుంచి వెళ్ళిపోయి కాకినాడ టౌన్ స్టేషన్‌లో దొరికిన సంగతి ఈపాటికి మీ అందరికీ తెలుసు. మాస్టారు కొట్టారట అని ఒక గ్రూపులో, ఎవరో ఎత్తుకుపోబోయారట అని ఇంకో గ్రూపులో, పరీక్షలో తప్పాడట అని కూరల మార్కెట్లో, ఇలా నా చెవిన పడిందే ఐదు రకాలు. ఏదీ నిజం కాదు. బాబు క్షేమంగా ఉన్నాడు, రోజూ బడికి వస్తున్నాడు. వాళ్ళ అమ్మానాన్నలని అడిగి, వాళ్ళు సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పేరు రాయను, దయచేసి మీరూ గ్రూపుల్లో రాయకండి.

మామూలు విషయాలు ఒక్క ముక్కలో: రెండో టర్మ్ ఫీజు పదో తారీకులోపు కట్టండి, క్రిస్మస్ సెలవుల నోటీసు డైరీలో అంటించాం, మూడో నంబర్ వ్యాన్ పది నిమిషాలు ముందే వస్తుంది.

ఇక అసలు సంగతి. ఈ కుటుంబం ఉండేది హైదరాబాద్ మియాపూర్‌లో. నాన్నగారి ఉద్యోగం ఉన్నట్టుండి పోయింది, ఇక్కడ పోర్టు వైపు ఇంకోటి దొరికింది, మధ్యలో పట్టుమని పది రోజులు కూడా టైం లేదు. పిల్లలు బాధపడతారని "దసరాకి అమ్మమ్మగారింటికి వెళ్తున్నాం" అని చెప్పి తీసుకొచ్చారు. సెలవుల్లో నాన్నగారు ఒక్కరే వెళ్ళి ఇల్లు ఖాళీ చేసి సామాను లారీ ఎక్కించారు. సెలవులు అయిపోయాక "కొన్నాళ్ళు ఇక్కడే ఉందాంరా" అన్నారు. బాబుకి ఎప్పుడు వెళ్తామో తెలియదు, అసలు వెళ్తామో లేదో తెలియదు. ఫ్రెండ్స్‌కి చెప్పి రాలేదు, సైకిల్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉండిపోయింది.

మొదటి రెండు వారాలు వాడంత హుషారైన పిల్లాడు లేడు. అందుకే అందరూ మోసపోతారు. కొత్త ఊరు, బీచ్, కాజాలు, మేనత్త పిల్లలు, అంతా సెలవుల్లాగే ఉంటుంది. దిగులు సాధారణంగా అప్పుడు రాదు, మూడో వారం దాటాక, రెండో నెలలో వస్తుంది. సరదా తీరిపోతుంది, పాత ఫ్రెండ్స్ మెసేజ్‌లు తగ్గుతాయి, ఇక్కడి పిల్లల జోకులు ఇంకా అర్థం కావు, "ఇక మనం ఇక్కడేనన్నమాట" అని అప్పటికి గాని మనసుకి ఎక్కదు. మనలో చాలామందికి పొలాలున్నాయి కదా, నారు పీకి ఊడ్చిన చేను చూడండి, ముందు వాలిపోయి పసుపు తిరిగి, తర్వాతే మూన తిరుగుతుంది. ఆ వాలిన రోజుల్లో ఎవరూ మొక్కని తిట్టరు.

బాబుకి దీపావళి తర్వాత మొదలైంది. ఆదివారం సాయంత్రం కడుపునొప్పి. చెల్లెలితో అయినదానికీ కానిదానికీ గొడవ. పన్నెండేళ్ళవాడు రాత్రి అమ్మ పక్కనే పడుకుంటానని పేచీ. తెచ్చిన బాక్స్ తెచ్చినట్టే వెనక్కి. ఆ నొప్పి నటన అనుకోకండి, టెన్షన్‌కి పిల్లలకి నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది. ఒకసారి డాక్టర్‌కి చూపించాలి, ఇంకే కారణం లేదని తేలితే ఏ రోజు ఏ వేళకి వస్తోందో రాసుకోవాలి. శనివారం సాయంత్రం రాకుండా ఆదివారం సాయంత్రమే వస్తుంటే దాని సంగతి వేరు. ఇంతలో తుపాను సెలవులొచ్చాయి, నాలుగు గోడల మధ్య ఫోన్‌తో కూర్చున్నాడు. తర్వాత వాడు చాలా నెమ్మదైపోయాడు. ఇంట్లో "హమ్మయ్య, అలవాటు పడ్డాడు" అనుకున్నారు. అల్లరి మానేసిన పిల్లలందరూ కుదురుకున్నట్టు కాదండీ. కుదురుకున్న పిల్లాడు మళ్ళీ అల్లరి మొదలెడతాడు.

ఆ రోజు పన్నెండున్నరకి గేటు దగ్గర క్యారేజీల రద్దీలో బయటపడ్డాడు. నడుచుకుంటూ స్టేషన్‌కి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఏం చేద్దామనుకున్నావు నాన్నా అంటే "గౌతమి వచ్చేదాకా కూర్చుందామనుకున్నా" అన్నాడు. గౌతమి ఎక్స్‌ప్రెస్ సాయంత్రానికి గాని లేదు. ఏటా సెలవులైపోయాక వాళ్ళు తిరిగి వెళ్ళేది ఆ బండిలోనే, వాడి లెక్కలో సెలవులు ఇంకా అయిపోలేదు.

ఇక్కడ వాడి పక్క బెంచీ కుర్రాడి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బెల్ కొట్టి రెండు నిమిషాలు కాకుండానే స్టాఫ్‌రూమ్‌కి పరిగెత్తుకొచ్చి "మేడమ్, వాడు రాలేదు, వాడెప్పుడూ గౌతమి గౌతమి అంటుంటాడు, స్టేషన్‌కే వెళ్ళుంటాడు" అని చెప్పింది వాడే. మన పీఈటీ మాస్టారు బండేసుకుని వెళ్తే ఒకటిన్నర లోపే దొరికాడు. లెక్కల్లో వీడికి నలభై దాటవు, వాళ్ళ అమ్మగారు ప్రతి మీటింగ్‌లో అదే బాధ. అమ్మా, తోటివాడి మాట అంత శ్రద్ధగా విని గుర్తుపెట్టుకున్న పిల్లాడండీ వాడు, మార్కులు నేను చూసుకుంటాను, మీరు వాణ్ణి కాస్త మెచ్చుకోండి. ఎనిమిదో తరగతి ఆడపిల్లలిద్దరు కూడా, ఎవరూ చెప్పకుండానే, ఈ ఏడాది కొత్తగా వచ్చిన చిన్నపిల్లలతో కలిసి భోంచేస్తున్నారు.

మర్నాడు సోషల్ టీచర్ ఆ బాబుకి కాగితమిచ్చి మన ఊరి మ్యాప్ గీయమన్నారు. ఊళ్ళో తిన్నటి రోడ్లు, అన్ని అడ్డవీధులూ ఒకేలా ఉంటాయి, కొత్తవాళ్ళకి తికమకే. వాడు మూడే గీశాడు: ఇల్లు, బడి, స్టేషన్. ఇల్లూ బడీ చిన్న డబ్బాలు. స్టేషన్ మాత్రం ఫుట్‌బ్రిడ్జి మెట్లతో సహా ఉంది.

తర్వాత చేసింది చిన్న చిన్న పనులే, వరసగా చెబుతాను. ముందు నిజం చెప్పడం. ఆదివారం నాన్నగారు కూర్చోబెట్టి, అక్కడ ఉద్యోగం పోయింది, ఇల్లు వదిలేశాం, మళ్ళీ అక్కడ ఉండటానికి వెళ్ళం, వేసవి సెలవుల్లో చూసి రావడానికి వెళ్దాం అన్నారు. బాబు గంటసేపు ఏడ్చాడు, తర్వాత అడిగిన మొదటి మాట "నా వల్లా?" అని. రాత్రిళ్ళు పెద్దవాళ్ళు ఫీజుల గురించి గుసగుసలాడుకోవడం విని, తన స్కూల్ ఫీజు ఎక్కువై ఊరు మారారని అనుకున్నాడట. మనం చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు, ఇంతకంటే ఘోరమైనదేదో వాళ్ళే ఊహించుకుంటారు. ఊరు మారక తప్పనప్పుడు బయల్దేరే ముందే చెప్పండి, రెండు రోజులే టైం ఉన్నా సరే, ఫ్రెండ్స్‌కి చెప్పి రానివ్వండి.

రెండోది, చెప్పకుండా వచ్చిన ఆ వీడ్కోలు ఇప్పుడు చెప్పించడం. నలుగురు పాత ఫ్రెండ్స్‌తో శనివారం ఐదింటికి వీడియో కాల్ పెట్టించాం. వారానికి ఒక్కసారి, అదే టైంకి. రోజూ రాత్రి పదకొండు దాకా పాత గ్రూపులో చాటింగ్ చేస్తే మనిషి ఇక్కడ, మనసు అక్కడ, పైగా నిద్ర చెడిపోతుంది. అసలు ఏ పిల్లాడికైనా రాత్రి పదకొండింటికి ఫోన్ ఎందుకో నాకు అర్థం కాదు, ఎన్నిసార్లు రాశానో మీకే తెలుసు. సైకిల్ పార్శిల్‌లో తెప్పించారు. హాల్లో దివాన్ మీద పడుకునేవాడికి గది మూల ఒక మంచం, ఒక అర ఇచ్చారు. ఆ అర ఎవరూ సర్దకూడదని మాట.

మూడోది ఆట, దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఏమనుకోకండి. బాబుని బడిలో చేరిన మూడో రోజే ఐదింటి నుంచి ఎనిమిది దాకా ట్యూషన్‌లో వేశారు, సిలబస్ వెనకబడతాడని. సిలబస్ నేను నెల రోజుల్లో పట్టించగలను, స్నేహితుణ్ణి మాత్రం టైంటేబుల్ వేసి ఇవ్వలేను! స్నేహం క్లాసులో కుదరదు, క్లాసులో నోరు మూసుకోమనే కదా మేం చెప్పేది. అది కుదిరేది సాయంత్రం గ్రౌండ్‌లో, ఇద్దరు తక్కువైతే కొత్తవాణ్ణి పిలుస్తారే, అక్కడ. బంతి మురిక్కాలవలో పడితే ఎవరు దిగాలా అని కొట్టుకుంటారే, అక్కడ. ఊరు మారి వచ్చిన పిల్లలకి మొదటి మూడు నెలలూ ట్యూషన్ వద్దు, ఐదు నుంచి ఆరు దాకా అదే గ్రౌండ్, అదే పిల్లలు. చోటు మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఏ ఇంట్లోనైనా సరే, ఆ ఒక్క గంట పిల్లాడి చేతిలోంచి లాక్కోకండి, దండం పెడతాను. వాడి మాటతీరు వేరని వెక్కిరించినవాళ్ళతో నేను విడిగా మాట్లాడాను, ఆ ముచ్చట మళ్ళీ నా దాకా రాదనుకుంటున్నాను.

ఇంట్లో అడిగే తీరు కూడా. రోజూ గుమ్మంలోనే "అలవాటైందా?" అంటే వాడు మీ సంతోషం కోసం అయిందంటాడు. "ఇవాళ ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?" అని అడగండి. వరసగా రెండు వారాలు పేరు రాకపోతే నాకు ఫోన్ చేయండి. ఇంకోటి, బాబు వాళ్ళ అమ్మగారు కూడా ఉద్యోగం, స్నేహితులు అన్నీ వదిలి వచ్చినావిడే. "నాకూ మన పాత వీధి గుర్తొస్తోందిరా" అని ఆవిడ వాడితో ఒకసారి అన్నాక, వాడు దాచుకోవడం మానేశాడు. పిల్లల ముందు ఆ మాట అనొచ్చు. "ఈ దిక్కుమాలిన ఊరికి ఎందుకొచ్చామో" అని రోజూ అనడం మాత్రం వద్దు.

ఇవన్నీ చేస్తే మంత్రం వేసినట్టు పోదు. ఒక వారం బాగుంటుంది, మళ్ళీ ఒక సోమవారం మొరాయిస్తారు. మొత్తమ్మీద తగ్గుతూ వస్తే చాలు, చాలామంది ఆరు నెలల్లోపు కుదురుకుంటారు. తగ్గకపోగా పెరుగుతుంటే, నిద్ర, తిండి చెడితే, ఇష్టమైన ఆట కూడా మానేస్తే, బడికి పూర్తిగా రానంటే, ఆరు నెలలు అయ్యేదాకా చూడకండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. బతకాలని లేదనే మాట నోట వస్తే మాత్రం ఆ రోజే వెళ్ళాలి, పిల్లాణ్ణి ఒంటరిగా వదలకూడదు.

నిన్న బాబు మ్యాప్‌లో గ్రౌండ్, సోడా బండి, పక్క బెంచీవాడి ఇల్లు వచ్చాయి. స్టేషన్ కూడా ఉంది, ఉండనివ్వండి.

చివరగా గేటు. వేడన్నం క్యారేజీలు తెచ్చి, లోపలికి వచ్చి, ఏడో తరగతి పిల్లలకి ముద్దలు కలిపి పెట్టే అమ్మలకీ నాయనమ్మలకీ మీ ప్రేమ మీద నాకు గౌరవమే, కానీ ఆ గుంపులో ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో వాచ్‌మన్‌కి కనపడటం లేదు. సోమవారం నుంచి క్యారేజీ పన్నెండుంబావు లోపు గేటు దగ్గర బల్ల మీద పేరు, సెక్షన్ రాసి పెట్టి వెళ్ళాలి, ఆ తర్వాత గేటు మూసేస్తారు. ఈ ఏడాది ఊరు మారి వచ్చిన కుటుంబాలు శనివారం నాలుగింటికి లైబ్రరీ గదికి రండి. పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్ళు గ్రౌండ్‌లో ఆడుకుంటారు.

మీ హెడ్‌మిస్ట్రెస్