డీవోటీ అంటే ‘డేట్ ఆఫ్ టైర్’ కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

గత నెల ఆఖరి ఆదివారం మీ జిల్లా పేజీలో హైవే మీద టైరు పగిలి కారు బోల్తా పడిన వార్త వేశారు. పక్కనే బాక్సులో ఆ టైరు గోడ ఫొటో పెట్టి, ఒక్కో అంకెకు బాణం గీసి ‘మీ టైరును చదవడం నేర్చుకోండి’ అన్నారు. ఆలోచన మంచిదే. అయితే బాణం గీసినవారు ముందు తాము నేర్చుకుని ఉంటే ఇంకా బాగుండేది. సవరణ వేస్తారేమోనని పన్నెండు రోజులు రోజూ పేపరు తిరగేశాను. రాశిఫలాల్లో తప్పొస్తే మర్నాడే సవరిస్తారు గదా, టైరుకు ఆ పాటి విలువ లేకపోయింది.

నేను ఆర్టీసీ డిపోలో టైర్ సెక్షన్‌లో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరైనవాణ్ణి. మీరు వేసిన ఫొటోలో అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి: 185/65 R15 88H. మొదటి మూడు అంకెలు సరిగ్గానే రాశారు. వెడల్పు 185 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. అక్కడితో ఆపేయాల్సింది. 88 దగ్గర బాణం పెట్టి ‘గంటకు 88 కిలోమీటర్లు దాటరాదు’ అని రాశారు. అది వేగం కాదండీ, బరువు. 88 అనేది టైర్లు మోసే బరువుల పట్టికలో ఒక వరస నంబరు. ఆ వరసలో చూస్తే ఒక్కో టైరు 560 కిలోల వరకు మోయగలదని ఉంటుంది. వేగం చెప్పేది పక్కనున్న హెచ్ అక్షరం, దాని లెక్క గంటకు 210 కిలోమీటర్లు. మన ఔటర్ రింగు రోడ్డు మీద కూడా అంత అవసరం రాదు. కానీ మీ బాక్సు చదివిన మా పక్కింటాయన ఆ రోజు నుంచి 85 దాటడం లేదు. ఆయన విషయంలో మంచే జరిగిందనుకోండి.

టైరు గోడ మీదుండే డీవోటీ అన్న అక్షరాలకు మీరిచ్చిన అర్థం చూసి మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది ‘డేట్ ఆఫ్ టైర్’ కాదు. అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలు అవి. ఆ తర్వాత ఫ్యాక్టరీ, సైజు తెలిపే గుర్తులు, చివర నాలుగు అంకెలు ఉంటాయి. మీ ఫొటోలో ఆ నాలుగు అంకెలు 0919. మీరు ‘2019 సెప్టెంబరు’ అని రాశారు. మొదటి రెండూ నెల కాదు, వారం. అంటే ఆ టైరు 2019లో తొమ్మిదో వారంలో, ఫిబ్రవరి ఆఖర్లో తయారైంది. అదృష్టం బాగుండి 09 వచ్చింది గాబట్టి మీ లెక్క కుదిరింది. 35 వచ్చి ఉంటే ఏ నెల అనేవారో!

ఆరు నెలల తేడాకే ఇంత రాద్ధాంతమా అనకండి. అదే వార్తలో కారు యజమాని ‘2022లోనే నాలుగూ కొత్త టైర్లు వేయించాం’ అన్నారని మీరే రాశారు. 2019 మొదట్లో తయారైన టైరు 2022లో కొత్తదని ఎలా అమ్ముడైంది? మూడేళ్లు ఎక్కడుంది? ఆ మాట, ఆ అంకెలు ఒకే పేజీలో అంగుళం దూరంలో ఉన్నాయి. అసలు వార్త అదే. మీ విలేకరి అడగలేదు, మీ డెస్కూ అడగలేదు. నీడలో, చల్లటి గోదాములో పెట్టిన టైరు త్వరగా పాడవదన్నది నిజమే. కానీ మన ఊళ్లో కొన్ని షాపుల ముందు టైర్లు ఏడాది పొడుగునా ఎండలో వడియాల్లా ఎండుతుంటాయి.

మా మేనల్లుడి సంగతే చెబుతాను. కిందటేడాది నాలుగు టైర్లు మార్పించుకుని వచ్చి, మామయ్యా ఒకసారి చూడవా అన్నాడు. బయటి గోడ మీద ఎంత వెతికినా ఆ నాలుగు అంకెలు లేవు. టైరుకు రెండు గోడలుంటాయి గదా, తేదీతో కూడిన పూర్తి కోడ్ ఒక గోడ మీదే ఉంటే చాలు, రెండోవైపు సగమే ఉండొచ్చు. నాలుగు టైర్లకూ తేదీ ఉన్న వైపు లోపలికి తిప్పి బిగించారు. ఒకటో రెండో అయితే పొరపాటు అనుకునేవాణ్ణి. వాణ్ణి కారు కింద పడుకోబెట్టి, సెల్‌ఫోన్ లోపలికి పెట్టి ఫొటోలు తీయించాను. మూడింటికి ఒక తేదీ, నాలుగోది వాటికన్నా రెండేళ్లు పెద్దది! షాపుకు వెళ్లి అడిగితే ‘సైజు అదే కదా సార్’ అన్నారు. బిల్లు మీద సైజు, ధర, జీఎస్టీ అన్నీ ఉన్నాయి, ఆ నాలుగు అంకెలు తప్ప. వాటిని కూడా బిల్లు మీద రాసి తీరాలని రవాణా శాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే ఖర్చేమీ లేదు. కానీ వాళ్లకు హెల్మెట్ చలాన్ల ఫొటోలు తీయడంతోనే సరిపోతోంది. సొంత కారుకు ఒకసారి రిజిస్ట్రేషన్ అయ్యాక పదిహేనేళ్ల దాకా కిందికి వంగి టైరు చూసే నాథుడే లేడు. లారీల ఫిట్‌నెస్ మాట నన్ను అడక్కండి, అది రాస్తే మీరు వేయరు.

ఇక బాక్సు చివర ఇచ్చిన సలహా అసలు ప్రమాదకరమైంది. టైరు మీదున్న 44 పీఎస్ఐ చూపించి ‘ఇంత గాలి ఉండాలి, వేసవిలో పేలకుండా ప్రయాణం మధ్యలో కొంత తీసేయండి’ అని రాశారు. 44 అనేది ఆ టైరుకు గరిష్ఠ హద్దు. మీ కారుకు ఎంత పట్టించాలో డ్రైవర్ డోర్ తీస్తే స్టిక్కర్ మీద ఉంటుంది. ఇలాంటి కార్లకు సాధారణంగా 30 నుంచి 35 మధ్యలో ఉంటుంది. దాన్ని పొద్దున్నే బండి తీయకముందు చూసుకోవాలి. నడిచి వేడెక్కాక నాలుగైదు పీఎస్ఐ పెరగడం మామూలే, కంపెనీవాళ్లు ఆ లెక్క ముందే వేసుకుని స్టిక్కర్ అంటించారు. అప్పుడు గాలి తీస్తే, చల్లారాక టైరులో ఉండాల్సినదానికన్నా తక్కువ మిగులుతుంది. గాలి తక్కువైతే గోడ ప్రతి చుట్టుకూ నలుగుతుంది, నలిగేకొద్దీ వేడెక్కుతుంది. ఇందాకటి 560 కిలోలు కూడా సరైన గాలి ఉంటేనే.

మీ ఫొటోలోనే ఇంకొకటి ఉంది. గోడ ఒకచోట చిట్లలేదు, కత్తితో కోసినట్టు చుట్టూతా గుండ్రంగా తెగింది. గాలి చాలకుండానో, గాలి పోయాకో టైరు కొంత దూరం దొర్లితే అలా తెగుతుంది. మా సెక్షన్‌కు అలాంటివి వచ్చినప్పుడు టైరు విప్పితే లోపల గుప్పెడు నల్లటి రబ్బరు పొడి ఉండేది. మీరేమో ‘ఎండ తీవ్రతకు పేలింది’ అని హెడ్డింగు పెట్టారు. ఎండ మీద ఎవరూ కేసు వేయరు గదా!

సవరణ అదే పేజీలో, అంతే పెద్ద బాక్సులో వేయండి. ఫొటో మళ్లీ కావాలంటే మా మేనల్లుడి కారు స్టెప్నీ పనికొస్తుంది. నేల తాకని టైరు, పైన గాడులు కొత్తగా మెరుస్తూ ఉంటాయి. గోడ మీద సన్న పగుళ్లు, కోడ్ చివర 4113. ఈసారి బాణం గీసేముందు అది ఏ వారమో చూసుకోండి.

ఇట్లు,
విశ్రాంత టైర్ మెకానిక్,
తెనాలి