ఫ్లెక్సీ ఎందుకు ఆపానంటే

"అన్నా, వెనక సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి కదా, మరి కొత్త ఫ్లెక్సీ మెంబర్‌షిప్‌లు ఎందుకు ఆపేశారు?"

పోయిన వారం ఒక మెంబర్ కాఫీ మెషీన్ దగ్గర అడిగాడు, ఇంకో ఇద్దరు ఫోన్లో అడిగారు, అందుకే అందరికీ ఒకేసారి లెక్క చెప్పేస్తున్నా.

మన బ్రాడీపేట కో-వర్కింగ్ ఫ్లోర్‌లో మొత్తం నలభై సీట్లు. క్యాబిన్‌లో ఆరు, ఒక్కొక్కరికి సొంతంగా ఇచ్చే ఫిక్స్‌డ్ డెస్కులు ఇరవై రెండు, ఏది ఖాళీ ఉంటే అక్కడ కూర్చునే ఫ్లెక్సీకి పన్నెండు. ఫ్లెక్సీ మెంబర్లు మాత్రం 19 మంది, ఎందుకంటే అందరూ రోజూ రారు. శుక్రవారం మధ్యాహ్నం చూస్తే నలుగురే ఉంటారు, సోమవారం పదకొండున్నరకి చూడండి, పన్నెండూ నిండిపోయి ఒకాయన సోఫాలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని జూమ్ కాల్‌లో ఉంటాడు, ఇంకొకాయన ప్యాంట్రీలో నిలబడే టైప్ చేస్తుంటాడు. నేను చూడాల్సింది ఆ సోమవారాన్నే, నెల సగటుని కాదు.

మరి అమ్ముడుపోని ఫిక్స్‌డ్ డెస్కుల్లో వాళ్లని కూర్చోబెట్టొచ్చు కదా అంటారు. ఆ తప్పు కూడా చేసేశాను. జనవరిలో "ఖాళీ ఉంటే కూర్చోండి లే" అన్నా. ఫిక్స్‌డ్ 5,500, ఫ్లెక్సీ 3,200. రెండు నెలల్లో నలుగురు ఫిక్స్‌డ్ వాళ్లు నా దగ్గరికొచ్చి మేమూ ఫ్లెక్సీకి మారతామండి అన్నారు, వాళ్లని ఏమంటాం, అదే కుర్చీ, అదే ఏసీ, 2,300 తక్కువ. పదమూడు మంది ఉన్న ఫిక్స్‌డ్ తొమ్మిదికి వచ్చింది. అంటే నెలకి 9,200 నా చేతులతో నేనే పోగొట్టుకున్నా.

ఇప్పుడు డబ్బులు. అద్దె 60,000. కరెంటు మామూలుగా 18,000, రెండు ఇంటర్నెట్ లైన్లు 5,000, డెస్క్ దగ్గర ఉండే అబ్బాయి, క్లీనింగ్ ఆమె జీతాలు 28,000, కాఫీ పాలు వాటర్ క్యాన్లు 9,000, కుర్చీలు వైరింగ్‌కి తీసుకున్న లోన్ ఈఎంఐ 20,000. లక్షా నలభై వేలు. రాబడి ఫిక్స్‌డ్ 49,500, ఫ్లెక్సీ 60,800, డే పాస్‌లు ఐదు వేల దాకా, మొత్తం 1,15,300. ఏప్రిల్ దాకా క్యాబిన్‌లో ఒక చిన్న టీమ్ ఉండేది, 33,000 ఇచ్చేవాళ్లు, అప్పుడు ఎనిమిది వేలు మిగిలేది. వాళ్లు నెల నోటీసు ఇచ్చి వెళ్లిపోయారు, తప్పు వాళ్లది కాదు, అగ్రిమెంట్‌లో నెలే అని రాసింది నేనే. వాళ్లు వెళ్లిన మే నెలలోనే గుంటూరు ఎండకి కరెంటు బిల్లు 27,000 వచ్చింది.

అసలు ఇరుక్కున్నది ఇక్కడే. నేను ఓనర్‌కి మూడేళ్లు ఖాళీ చెయ్యనని లాక్-ఇన్ రాసిచ్చాను, ఆరు నెలల అడ్వాన్సు ఆయన దగ్గర ఉంది, జనవరి నుంచి ఐదు శాతం పెరిగి 63,000 అవుద్ది. మీరు నాకు రాసిచ్చింది మాత్రం ఒక్క నెల. మొదలుపెట్టేముందు ఎక్సెల్‌లో నెలకి నలుగురు చొప్పున పెరిగి తొమ్మిదో నెలకి ఫుల్ అని గీశాను, ఆ గీతలో వచ్చేవాళ్లే ఉన్నారు గానీ వెళ్లేవాళ్ల కాలమ్ లేదు! నెలకి నలుగురొచ్చి ముగ్గురు వెళ్తే పెరిగింది ఒక్కరే కదా. వెనక భాగం తిరిగి తీసుకోండి, అద్దె తగ్గించండి అని ఓనర్‌ని అడిగా, కాఫీ తాగించి పంపారు.

ఇప్పుడున్న 25 వేల లోటు ఐదుగురు ఫిక్స్‌డ్ మెంబర్లు వస్తే తీరుద్ది. ఫ్లెక్సీతో తీర్చాలంటే ఎనిమిది మంది కావాలి, సోమవారం ఆ ఎనిమిది మందిని ఎక్కడ కూర్చోబెట్టను? అందుకే ఆపాను.

వచ్చే నెల ఒకటి నుంచి వెనక రెండు వరుసలకి తాడు కట్టేస్తున్నా, అక్కడి రెండు ఏసీలు ఆఫ్. ఫిక్స్‌డ్ మెంబర్ వస్తే ఆ వరుస తెరుస్తాం. మూడు నెలలు ముందు కట్టేవాళ్లకి ఫిక్స్‌డ్ 5,000, దీన్ని డిస్కౌంట్ అనుకోకండి, మూడు నెలలు అద్దె గురించి నిద్ర పట్టడానికి నేనిచ్చే రేటు. క్యాబిన్ ఇకమీద ఆరు నెలల లాక్-ఇన్, రెండు నెలల నోటీసు లేకుండా ఇవ్వను, ఖాళీగా ఉన్నా సరే. ఇప్పుడున్న ఫ్లెక్సీ వాళ్లకి డిసెంబరు దాకా 3,200 మారదు, కానీ తాడు దాటి కూర్చోవద్దు, మొహమాటం లేకుండా లేపేస్తాను.

నా దగ్గర ఇంకో ఐదు నెలల లోటుకి సరిపడా ఉంది. అప్పటికీ ఐదుగురు రాకపోతే పొద్దున షిఫ్ట్ ఎత్తేసి పది నుంచి ఎనిమిది వరకే తెరుస్తాను, ఆ మాట ముందే చెప్తున్నా. ఫ్లెక్సీ వెయిటింగ్‌లో నలుగురున్నారు, ఎవరైనా ఖాళీ చేస్తే వరుసలో నేనే ఫోన్ చేస్తా.