పాస్‌బుక్ మొదటి పేజీ చూడు సుధా

మెట్టుగూడ, హైదరాబాద్

చి.ల.సౌ. సుధకి అమ్మ ఆశీస్సులు.

మీ మామగారికి డిమెన్షియా మొదలైందని డాక్టరు చెప్పారన్నావు. "ఆయన పేరు మీద ఒక జీపీఏ రాయించేస్తే పెన్షన్ సంగతి తేలిపోతుంది కదమ్మా" అని కూడా అన్నావు. తేలదు తల్లీ. తాతయ్య విషయంలో మేమూ అలాగే అనుకుని ఏడాది పోగొట్టుకున్నాం. ఫోన్‌లో చెప్తే సగం జారిపోతుందని రాస్తున్నాను.

జీపీఏ అంటే తన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి రాసివ్వడం. మన దగ్గర అది ఇచ్చిన మనిషికి మతి తప్పిందంటే ఆ జీపీఏ కూడా అక్కడితో ముగిసిపోతుంది. కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ అదే చెప్తుంది. అంటే సరిగ్గా మనకు అవసరం పడే రోజుకి ఆ కాగితం చెల్లదు. 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కింద ప్రతినిధిని పెట్టుకోవచ్చు గానీ, ఆ ప్రతినిధి మాట వైద్యం వరకే. డబ్బు జోలికి రాకూడదు.

తాతయ్యది రైల్వే పెన్షన్. అమ్మమ్మతో జాయింట్ అకౌంటే, అందుకే ధైర్యంగా ఉన్నాం. తాతయ్య సంతకం కుదరడం మానేశాక అమ్మమ్మ విత్‌డ్రాయల్ ఫారం తీసుకెళ్తే బ్యాంకులో తిప్పి పంపారు. పాస్‌బుక్ మొదటి పేజీలో "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అని ఉంది. అంటే మొదటి పేరున్నవాళ్లు బతికున్నంతకాలం వాళ్లే తీయాలి, రెండో పేరుకి వాళ్ల తదనంతరమే. "ఈదర్ ఆర్ సర్వైవర్" అని ఉంటే అమ్మమ్మ తానే తీసుకునేది. ఇరవై ఏళ్లుగా ఆ పుస్తకం బీరువాలోనే ఉంది, ఎవరం ఆ ఒక్క మాట చదవలేదు. ఇప్పుడు మార్చమంటే తాతయ్య సమ్మతి కావాలి, ఆయనకి బ్యాంకంటే ఏమిటో తెలియడం లేదు.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇంట్లోనే ఫోన్‌లో ముఖం చూపించి చేశాం. "కళ్లార్పండి నాన్నా" అని నేనంటే, ఆయన నా చేతిలోని ఫోన్ వంక కాకుండా కిటికీ వంక చూసేవారు. నాలుగోసారికి అయింది. దాంతో పెన్షన్ ఆగకుండా పడింది. పడిన డబ్బు బయటికి తీయడానికి మాత్రం అది పనికిరాదు.

మంచాన పడ్డ పెన్షనర్లు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు. ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బ్యాంకు ఉద్యోగి కావాలి. బ్యాంకు నుంచి ఒకాయన ఇంటికొచ్చారు. ఆయన అడిగినదానికి తాతయ్య ఏమీ చెప్పలేకపోయారు. ఆ వేలు పట్టుకుని ముద్ర వేయించడానికి నాకు చేయి రాలేదు. చేయి కదలనివాళ్ల కోసం ఉన్న పద్ధతి అది, మనసు తెలియనివాళ్ల కోసం కాదు. ఉన్న మాట చెప్పాం. ఇక కోర్టు ఆర్డరు వస్తేనే అన్నారు. వాళ్లది తప్పని నేననను.

అప్పుడు హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేశాం, నన్ను గార్డియన్‌గా నియమించమని. న్యూరాలజిస్టు రిపోర్టులు, పెన్షన్ ఆర్డరు, ఆస్తుల వివరాలు పెట్టాం. అన్నిటికన్నా ముఖ్యం, మీ మామయ్యా పిన్నీ అభ్యంతరం లేదని అఫిడవిట్లు ఇవ్వడం. వాళ్లలో ఒక్కరు కాదన్నా ఇంకెన్నాళ్లు పట్టేదో. ఆర్డరు వచ్చేదాకా మందులూ ఆయా జీతమూ నాన్నగారి జీతంలోంచే వెళ్లాయి. ఇప్పుడు ప్రతి రూపాయీ రాస్తున్నాను. ఆ పుస్తకంలో డైపర్లూ, మాత్రలూ, ఆయనకిష్టమైన ఉస్మానియా బిస్కెట్లూ తప్ప ఇంకేమీ ఉండవు. కోర్టు ఎప్పుడడిగినా చూపించాలి.

మీ మామగారు ఇంకా మనిషిని పోల్చుకుంటున్నారు, లెక్క చెప్తే తలూపడం కాదు, తిరిగి ప్రశ్న అడుగుతున్నారన్నావు. అయితే ఇంకా ఆలస్యం చేయకండి. ఆయనదీ సెంట్రల్ గవర్నమెంటు పెన్షనే కాబట్టి జాయింట్ అకౌంట్‌లో భార్యకే చోటు, కొడుక్కి కుదరదు. పెన్షన్ ఆర్డరులో ఫ్యామిలీ పెన్షన్‌కి మీ అత్తగారి పేరు ఉందో లేదో ముందు చూడండి. ఆయన ఏది అర్థం చేసుకుంటున్నారో బ్యాంకుకి వెళ్లే వారంలోనే డాక్టరు చేత రాయించుకోండి. పొద్దున పూట ఆయన తేటగా ఉంటారన్నావుగా, ఆ వేళకే బ్యాంకుకి తీసుకెళ్లండి. మేనేజరుతో ఆయన్నే మాట్లాడనివ్వండి. "నా భార్య కూడా తీసుకునేలా మార్చండి" అన్న మాట ఆయన నోటినుంచి రావాలి. మీ ఆడపడుచుని కూడా తప్పకుండా రమ్మను. అన్న ఒక్కడే వెళ్లి చేయించాడన్న మాట రేపు రాకూడదు.

మీ అత్తగారు పెద్దావిడ, ఆవిడకీ ఓపిక తగ్గితే మళ్లీ హైకోర్టే దారి. అందుకని కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటివి అదే అకౌంట్‌లోంచి ఆటోమేటిక్‌గా కట్టేలా ఆయన చేతే ఇప్పుడే పెట్టించండి. ఏటీఎం పిన్ కాగితం మీద రాసుకుని మీరు వాడటం మాత్రం వద్దు. అందరూ చేసేదేనని అంటారు, రేపు అన్నాచెల్లెళ్ల మధ్య మాటొస్తే లెక్క చెప్పుకోలేరు.

మొన్న నాన్నగారి పాస్‌బుక్ కూడా తీసి చూశాను. మాదీ ఫార్మర్ ఆర్ సర్వైవరే. సోమవారం ఇద్దరం వెళ్లి మార్పించుకొచ్చాం. మీ అత్తగారి చేత బీరువా తీయించి, ఆ పేజీ ఫోటో రాత్రికి పంపు.

మీ అమ్మ